చెల్లెలి పెళ్ళికి మూడు వారాల సెలవు: అడిగేదెలా, పని అప్పగించేదెలా?

*పుణెలో ఒక ఆటో విడిభాగాల డిస్ట్రిబ్యూటర్ దగ్గర నాలుగేళ్లుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. జీఎస్టీ, టీడీఎస్, వెండర్ల పేమెంట్లు నా మీదే. మా ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస దగ్గర. ఆగస్టు 22 శనివారం రాత్రి మా చెల్లి పెళ్ళి. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, పనులన్నీ నేనే చూసుకోవాలి. ఆగస్టు 10 నుంచి సెప్టెంబరు 7 వరకు, అంటే పదహారు రోజుల పండుగ అయ్యేదాకా ఉండాలని ఇంట్లో అంటున్నారు. మా మేనేజర్ మరాఠీ ఆయన. మంచివారే గానీ నాలుగు రోజులు అడిగినా "రిటర్న్‌ల సంగతేంటి?" అంటారు. నా పక్క సీటులో ఉన్న అమ్మాయి చేరి ఏడాదైంది, జీఎస్టీ ఎప్పుడూ చేయలేదు. ఇప్పుడు జూన్ మొదటి వారమే. దరఖాస్తు ఎలా రాయాలి? పని ఎలా అప్పగించాలి?*
*— ఒక అన్నయ్య, పుణె*

దరఖాస్తు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆగస్టు క్యాలెండర్ ముందు పెట్టుకుని, ఒకవైపు ఇంటి పనులు, ఇంకోవైపు ఆఫీసు గడువులు రాయండి. లీవులు మంజూరు చేసే సీట్లో నేను చాలాకాలం కూర్చున్నాను. ఎన్ని రోజులు అడుగుతున్నారన్నది మేనేజర్‌కి రెండో ప్రశ్న. ఆ రోజుల్లో ఏ గడువు పడుతుంది, దాన్ని ఎవరు చూస్తారు అన్నదే మొదటి ప్రశ్న. మీ మేనేజర్ "రిటర్న్‌ల సంగతేంటి?" అంటున్నది కూడా అదే. దానికి జవాబు చేతిలో పెట్టుకుని వెళ్తే మాట తేలిగ్గా సాగుతుంది.

మీ పనిలో గడువులు ఇవి. 7వ తేదీకి టీడీఎస్ కట్టాలి. 11కి అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 వేయాలి. 14న పోర్టల్‌లో కొనుగోళ్ల మీద దొరికే పన్ను క్రెడిట్ల జాబితా 2బి వస్తుంది. 20కి నెల పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్న్ 3బి ఫైల్ చేయాలి. మీరు ఆగస్టు 10న బయలుదేరితే జీఎస్టీఆర్-1, 3బి రెండూ మీరు లేనప్పుడే పడతాయి. సెప్టెంబరు 7 దాకా ఉండిపోతే ఆగస్టు టీడీఎస్ కూడా వేరేవాళ్ళ నెత్తిన పడుతుంది. అదే ఆగస్టు 13 గురువారం సాయంత్రం రైలెక్కి, సెప్టెంబరు 2 బుధవారం ఆఫీసులో చేరితే, టీడీఎస్, జీఎస్టీఆర్-1 మీరే ముగించి వెళ్తారు, వచ్చే టీడీఎస్‌కీ మీరే ఉంటారు. మధ్యలో మిగిలేది ఒక్క 3బి. శని, ఆదివారాలు సెలవైతే మీరనుకున్న పద్ధతిలో పోయేవి 21 పనిదినాలు, ఇలా అయితే 13. ఒక రిటర్న్ అప్పగించడం, మూడు అప్పగించడం ఒకటి కాదు. పక్క సీటు అమ్మాయికి ఒకటి నేర్పవచ్చు, రెండు నెలల్లో మూడు నేర్పలేరు.

ఇక పదహారు రోజుల పండుగ. ఆగస్టు 22 నుంచి లెక్కేస్తే అది సెప్టెంబరు 6 ఆదివారం అవుతుంది. ఆ ఒక్క రోజు కోసం సెలవు ఇంకో వారం సాగదీయాల్సి వస్తోంది. దీని గురించి మేనేజర్‌తో మాట్లాడేముందు ఇంట్లో మాట్లాడండి. ఉద్యోగాల కోసం దూరాన ఉన్న కుటుంబాల్లో ఈ పండుగను ముందుకు జరిపి తొమ్మిదో రోజునో, ఇంకా ముందో చేసుకోవడం ఇప్పుడు మామూలే. తొమ్మిదో రోజు ఆగస్టు 30, అదీ ఆదివారమే. పురోహితుడి గారిని, వియ్యాలవారిని మీ నాన్నగారి చేత అడిగించండి. మగపెళ్ళివారి తరఫున అల్లుడి సెలవు కూడా చూసుకోవాలి కాబట్టి చాలాసార్లు వాళ్ళకే ముందుగా చేయడం అనుకూలంగా ఉంటుంది. వాళ్ళు ఒప్పుకోకపోతే, పెళ్ళి తంతులో మీరు తప్పనిసరిగా ఉండాల్సినవి ఏవి, ఉంటే బాగుండేవి ఏవి అని ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని విడదీసుకోవాలి. లాజహోమంలో పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోసేది అన్నదమ్ములే, ఆ చోటు మీదే. అప్పగింతలప్పుడు ఉండాలి, గృహప్రవేశానికి వెంట వెళ్ళాలి. పదహారు రోజుల పండుగకు చెల్లెల్ని, బావగారిని తీసుకురావడానికి బాబాయి కొడుకో, మేనమామో వెళ్ళినా చెల్లుతుంది. ఇది మీ ఇంటి విషయం కాబట్టి నిర్ణయం మీదే. కానీ తేల్చుకోకుండా మేనేజర్ దగ్గరికి వెళ్ళి, ఆ తర్వాత తేదీలు మార్చవద్దు. మంజూరైన సెలవును పొడిగించమని ఊరి నుంచి ఫోన్ చేస్తే, తర్వాతి సెలవుకి అది అడ్డం వస్తుంది.

రైలు టికెట్ల వల్ల మీకు తొందర ఉంది. ఐఆర్‌సీటీసీలో 60 రోజుల ముందే బుకింగ్ తెరుచుకుంటుంది. ఆగస్టు 13 ప్రయాణానికి అది జూన్ 14, ఆగస్టు 31 తిరుగు ప్రయాణానికి జూలై 2. పుణె నుంచి మీవైపు నేరుగా వెళ్ళే కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో శ్రావణంలో బెర్తులు త్వరగా అయిపోతాయి, తత్కాల్ మీద ఆధారపడకూడదు. అందుకే దరఖాస్తును రెండు మెట్లుగా చేయండి. జూన్ 14కి ముందే మేనేజర్ దగ్గరికి వెళ్ళి నోటితో చెప్పండి, అదే రోజు సాయంత్రం నాలుగు వాక్యాల మెయిల్ పంపండి. అసలు దరఖాస్తు, హ్యాండోవర్ నోట్ జూలై మూడో వారం దాటాక ఇవ్వండి. ఎందుకలా అన్నది కింద వస్తుంది. టికెట్లు మాత్రం ఆయన "సరే" అన్నాకే తీసుకోండి. టికెట్ చూపించి సెలవు అడిగితే, అడుగుతున్నట్టు కాకుండా తెలియజేస్తున్నట్టు ఉంటుంది. అది చాలామంది మేనేజర్లకు నచ్చదు.

నోటితో చెప్పేటప్పుడు పెళ్ళి తంతులన్నీ వివరించనవసరం లేదు. రాట ముహూర్తం, స్నాతకం అంటే ఆయనకు తెలియదు, తెలియనిదాన్ని అనవసరం అనుకునే అవకాశం ఉంది. "ఆగస్టు 22న చెల్లి పెళ్ళి. నాన్నగారు నడవలేరు, పందిరి, వంటవాళ్ళు, బియ్యం, బంధువుల బస అన్నీ నేనే చూడాలి, కాబట్టి వారం ముందు ఉండాలి. పెళ్ళయ్యాక వారం రోజులు ఆమెను అత్తవారింట దింపడం, మిగిలిన తంతులు. వెళ్ళడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు రైల్లోనే పోతుంది" అనండి, చాలు. మరాఠీ ఇళ్ళల్లోనూ పెళ్ళికి అన్నయ్య పని తక్కువేం కాదు, ఆయనకు అర్థమవుతుంది. తర్వాత ఆయన అడక్కముందే: "టీడీఎస్, జీఎస్టీఆర్-1 నేనే చేసి వెళ్తాను. 3బి ఒక్కటే మిగులుతుంది. జూలైలో పడే 3బిని పక్క సీటు అమ్మాయి చేత నా ముందే చేయిస్తాను. అది మీరు చూశాకే సెలవు రాతపూర్వకంగా అడుగుతాను."

ఈ చివరి మాటే మీ దరఖాస్తుకి బలం. హ్యాండోవర్ నోట్ ఎంత బాగా రాసినా, ఎప్పుడూ చేయని పనిని కాగితం చూసి మొదటిసారి చేయాలంటే ఎవరికైనా టెన్షనే. మీకు చేతిలో ఒక పూర్తి నెల ఉంది. జూన్ నెల 3బి జూలై 20న పడుతుంది. ఆ నెల మౌస్ ఆమె చేతిలో ఉండాలి, మీరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఆమె ఎక్కడ ఆగిపోతే అక్కడ మీరు చెప్పండి, చెప్పిన ప్రతిదీ ఆమె తన మాటల్లో రాసుకోవాలి. ఆ రాసుకున్నదే హ్యాండోవర్ నోట్. మీరు రాస్తే మీకు అలవాటైపోయిన మెట్లు వదిలేస్తారు, అవే ఆమెకు తెలియనివి.

ఆమె ఒప్పుకోవాలి కదా అంటారు. ముందు ఆమెను అడగండి, మేనేజర్ చేత చెప్పించవద్దు. సెప్టెంబరు మధ్యలో వినాయక చవితి ఉంది. పుణెలో ఆ పది రోజులూ ఎవరికైనా సెలవు కావాలనిపిస్తుంది. ఆమెది పుణె అయినా, కొల్హాపూర్ అయినా, "గణపతికి నువ్వు వెళ్ళు, నీ పని నేను చూస్తాను" అని ముందే చెప్పండి. అది మీ దరఖాస్తులో కూడా ఒక వాక్యంగా రాయండి, అప్పుడు ఆమెకు హామీగా ఉంటుంది.

ఇప్పుడు 3బి విషయం వివరంగా, ఎందుకంటే మీ సెలవంతా దాని మీద ఆధారపడి ఉంది. ఇబ్బందల్లా, కొనుగోళ్ల మీద తీసుకోవాల్సిన క్రెడిట్ 14న వచ్చే 2బితో సరిపోల్చాలి. మీరు 13న వెళ్ళిపోతారు. అంటే ఆ ఒక్క పని ముందే చేసి పెట్టడానికి వీల్లేదు. కానీ దాని చుట్టూ ఉన్నవన్నీ ముందే చేయవచ్చు.

అమ్మకాల వైపు చూడండి. జీఎస్టీఆర్-1లో వేసిన అంకెలే 3బిలోకి వస్తాయి. 2025 జూలై నెల రిటర్న్ నుంచి ఆ అంకెల్ని 3బిలో దిద్దే వీలు లేదు. తప్పుంటే 3బి వేయకముందే జీఎస్టీఆర్-1ఏ ద్వారా సరిచేయాలి. కాబట్టి మీరు జీఎస్టీఆర్-1ని 11 దాకా లాగకుండా 10వ తేదీకే వేసేసి, మిగిలిన రోజుల్లో పుస్తకాల్లోని అమ్మకాలతో, క్రెడిట్ నోట్లతో ఒకసారి సరిచూడండి. తప్పు దొరికితే 1ఏ మీరే వేసి వెళ్ళండి. ఆ అమ్మాయికి ఒక్క మాట చెప్పండి: అమ్మకాల పెట్టెల్లో ఏదీ ముట్టుకోవద్దు, నేనిచ్చిన మొత్తంతో సరిపోతుందో లేదో చూడు.

రివర్స్ చార్జి చాలా హ్యాండోవర్‌లలో జారిపోతుంది. మీది విడిభాగాల వ్యాపారం, లారీ అద్దెలు ఉంటాయి. ట్రాన్స్‌పోర్టు వాళ్ళు పన్ను వేయకపోతే దాన్ని మీ కంపెనీయే కట్టాలి, అదీ క్రెడిట్‌తో కాకుండా నగదుగా. ఇది రోజూ చేసేవాళ్ళకు గుర్తుంటుంది, మొదటిసారి చేసేవాళ్ళకు తట్టదు. జూలై అద్దె బిల్లులన్నీ ఆగస్టు మొదటి వారానికే వచ్చేసి ఉంటాయి కాబట్టి ఆ అంకె మీరే లెక్కగట్టి, ఏ బిల్లు మీద ఎంత అన్నది షీటులో పెట్టి ఇవ్వండి.

మిగిలింది కొనుగోళ్లు. జూలై కొనుగోళ్ల రిజిస్టర్‌ను 12వ తేదీకి ముగించండి. జీఎస్టీ పోర్టల్‌లో వెండర్లు ఎక్కించిన బిల్లులు కనిపించే ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో మీ కంపెనీవి కాని బిల్లులు, తప్పు బిల్లులు ఏవైనా కనిపిస్తే 13లోపు మీరే రిజెక్ట్ చేయండి, వదిలేస్తే అవి ఒప్పుకున్నట్టే లెక్కలోకి వెళ్తాయి. బిల్లులు ఎక్కించడంలో ఆలస్యం చేసే వెండర్లు ఎవరో మీకు తెలుసు, వాళ్ళకు 5వ తేదీన ఒకసారి, 10న ఒకసారి ఫోన్ చేయండి. ఇక 14 తర్వాత ఆ అమ్మాయి చేయాల్సింది 2బి దించుకుని మీ రిజిస్టర్‌తో పోల్చడం. ఆమెకు ఒకే నియమం ఇవ్వండి: 2బిలో లేని బిల్లు మీద ఈ నెల క్రెడిట్ తీసుకోవద్దు. ఆ బిల్లులు పసుపు రంగు వేసి పెట్టు, నేను వచ్చాక చూస్తాను. ఇలా చేస్తే కొంత నగదు ఎక్కువ కట్టాల్సి రావచ్చు, కానీ తప్పు క్రెడిట్ తీసుకుని తర్వాత వడ్డీతో తిరిగి కట్టే పరిస్థితి రాదు. అది మేనేజర్‌కి ముందే చెప్పండి, చలానా మొత్తం చూసి ఆయన ఉలిక్కిపడకుండా.

తేదీలు ఇలా పెట్టుకోండి. 14 శుక్రవారం 2బి వస్తుంది, 15 శనివారం స్వాతంత్ర్య దినోత్సవం. 17 సోమవారం ఆమె పోలుస్తుంది. 18 మంగళవారం ఉదయం మేనేజర్‌కి మొత్తం అంకె చూపిస్తుంది, ఆయన ఒప్పుకున్నాక అదే రోజు చలానా కడతారు. 19 బుధవారం ఫైల్ చేస్తారు. 20 ఖాళీగా ఉంచండి. చివరి రోజు పోర్టల్ ఎంత నెమ్మదిస్తుందో మీకు తెలిసిందే.

ఇంత చేసినా ఒక రోజు జారితే ఏమవుతుందో కూడా మేనేజర్‌కి అంకెల్లో చెప్పడం మంచిది. ఆలస్య రుసుము రోజుకి 50 రూపాయలు, నగదుగా కట్టాల్సిన మొత్తం మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. కట్టాల్సింది 5 లక్షలైతే ఒక రోజు వడ్డీ దాదాపు 247 రూపాయలు. ఆలస్యం చేయవచ్చని చెప్పడం కాదిది. భయానికి ఒక కొలత ఉంటే ఆయన నిదానంగా ఆలోచించగలుగుతారు.

తర్వాత తాళంచెవులు, ఓటీపీలు. పని తెలిసినా లోపలికి వెళ్ళలేక ఆగిపోయే సందర్భాలే ఎక్కువ. చిన్న కంపెనీల్లో అకౌంటెంట్ తన సొంత మొబైల్ నంబరే అన్ని పోర్టళ్లలో ఇచ్చేసి ఉంటాడు. మీదీ అదే అయితే, మీరు పందిరి కింద ఉన్నప్పుడు ఓటీపీ మీ జేబులో మోగుతుంది, అక్కడ ఆ అమ్మాయి స్క్రీన్ ముందు ఎదురుచూస్తుంది. జీఎస్టీ పోర్టల్‌లో నమోదైన మొబైల్, మెయిల్ ఎవరివో ఇవాళే చూడండి. మీవైతే డైరెక్టర్ గారివిగానో, ఆఫీసు ఉమ్మడి నంబరుగానో జూన్‌లోనే మార్పించండి.

ఈ-వే బిల్లు ఇంకా ముఖ్యం, ఎందుకంటే అది నెలకోసారి పని కాదు, రోజూ గోడౌన్ నుంచి సరుకు కదలాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు, ఈ-ఇన్‌వాయిస్ లాగిన్‌కి అందరికీ ఓటీపీ తప్పనిసరి అయింది. గోడౌన్ వాళ్ళు మీ లాగిన్‌తో నెట్టుకొస్తుంటే అది ఆగస్టు 14న తెలుస్తుంది, లారీ గేటు దగ్గర ఆగినప్పుడు. ఆ పోర్టల్‌లో సబ్-యూజర్లను చేర్చుకునే వీలుంది. ఆ అమ్మాయికి ఒకటి, గోడౌన్ బాబుకి ఒకటి, వాళ్ళ సొంత మొబైల్ నంబర్లతో చేసిపెట్టి, జూలైలో కనీసం ఒక వారం వాటితోనే పని నడిపించండి.

డైరెక్టర్ గారి డిజిటల్ సంతకం టోకెన్ చాలా ఆఫీసుల్లో అకౌంటెంట్ డ్రాయర్‌లోనే ఉంటుంది. కంపెనీ రిటర్న్ ఫైల్ చేయాలంటే అది కావాలి. దాన్ని ఆ అమ్మాయి చేతికి ఇచ్చి వెళ్ళవద్దు. అది డైరెక్టర్ గారి సంతకం కాబట్టి ఆయనకే ఇచ్చేసి, ఇచ్చినట్టు ఒక మెయిల్ పెట్టండి. 19వ తేదీ ఉదయం సంతకానికి ఆయన ఆఫీసులో ఉంటారో లేదో ఇప్పుడే అడగండి. టోకెన్ గడువు ఎప్పటితో ముగుస్తుందో కూడా చూడండి. ఆగస్టులో ముగిసేదైతే జూలైలోనే కొత్తది తీసుకోవాలి. పాస్‌వర్డ్‌లు వాట్సాప్‌లో పంపుకోవద్దు.

బ్యాంకులో మీరు పేమెంట్ తయారుచేసేవారు, మేనేజర్ ఆమోదించేవారు అయి ఉంటారు. మీ స్థానంలో ఆ అమ్మాయికి తాత్కాలికంగా ఆ హక్కు ఇప్పించాలంటే బ్యాంకు ఫారాలు, డైరెక్టర్ సంతకాలు కావాలి, రోజులు పడుతుంది. జూలై మొదట్లోనే మొదలుపెట్టండి. వెండర్ల పేమెంట్లు సెలవులో పడే మూడు శుక్రవారాలకీ ఎవరికి ఎంత, ఏ బిల్లు మీద అన్నది షీటుగా ఇచ్చి వెళ్ళండి. అందులో లేని కొత్త వెండర్‌కి, లేదా ఉన్న వెండరే బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ పంపితే, మీరు వచ్చేదాకా పేమెంట్ చేయవద్దని రాయండి. మనిషి సెలవులో ఉన్నప్పుడే ఇలాంటి దొంగ మెయిళ్ళు పనిచేస్తాయి.

ఇవన్నీ సిద్ధమయ్యాక, జూలై 20 దాటిన రెండు మూడు రోజుల్లో అసలు దరఖాస్తు ఇవ్వండి. మీరు ఇంగ్లీషులోనే రాస్తారు గానీ, విషయం ఈ క్రమంలో ఉండాలి:

> విషయం: ఆగస్టు 14 నుంచి సెప్టెంబరు 1 వరకు ఎర్న్‌డ్ లీవ్
>
> గౌరవనీయులైన మేనేజర్ గారికి,
>
> జూన్‌లో మీతో మాట్లాడినట్టు, ఆగస్టు 22న శ్రీకాకుళం జిల్లాలోని మా ఊళ్ళో మా చెల్లెలి పెళ్ళి. నాన్నగారు నడవలేని స్థితిలో ఉన్నందున ఏర్పాట్లు నేనే చూడాలి. ఆగస్టు 14 శుక్రవారం నుంచి సెప్టెంబరు 1 మంగళవారం వరకు, 13 పనిదినాలు, ఎర్న్‌డ్ లీవ్ మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. సెప్టెంబరు 2 బుధవారం విధుల్లో చేరతాను.
>
> ఆగస్టు 7 టీడీఎస్, ఆగస్టు 11 జీఎస్టీఆర్-1 నేనే పూర్తిచేసి వెళ్తాను. సెలవులో పడే గడువు ఒక్కటే, ఆగస్టు 20 నాటి 3బి. దాన్ని నా సహోద్యోగిని చేస్తారు. జూన్ నెల 3బిని ఈ నెల ఆమే తయారుచేశారు, మీరు పరిశీలించారు. 18న మొత్తం మీ ముందుకు వస్తుంది, 19న ఫైల్ అవుతుంది. మూడు శుక్రవారాల వెండర్ పేమెంట్ల జాబితా, లాగిన్‌ల వివరాలు, ఆడిటర్‌కి ఇచ్చే షీట్ల జాబితా హ్యాండోవర్ నోట్‌లో ఉన్నాయి.
>
> ఆగస్టు 19 వరకు పనిదినాల్లో ఉదయం 11 నుంచి 11.30 వరకు ఫోన్‌లో దొరుకుతాను. 20 నుంచి 24 వరకు అందుబాటులో ఉండలేను. వినాయక చవితికి ఆమె సెలవు తీసుకున్నప్పుడు ఆమె పని నేను చూస్తాను.
>
> మీ ఆమోదం కోరుతూ...

ఇందులో "దయచేసి", "నా కష్టాన్ని అర్థం చేసుకోండి" లాంటివి లేవని గమనించండి, అవసరం లేదు. మీకు హక్కుగా ఉన్న సెలవునే మర్యాదగా అడుగుతున్నారు. మహారాష్ట్ర షాపులు, సంస్థల చట్టం 2017 ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వారికి ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున సెలవు జమ అవుతుంది, 45 రోజుల దాకా కూడబెట్టుకోవచ్చు. ఇది చట్టం పెట్టిన కనీసం, మీ కంపెనీ పాలసీ ఇంకా మెరుగ్గా ఉండవచ్చు. హెచ్‌ఆర్ దగ్గర రెండు సంగతులు కనుక్కోండి: మీ ఖాతాలో ఎన్ని రోజులున్నాయి, సెలవు మధ్యలో వచ్చే శని, ఆదివారాలను సెలవుగా లెక్కేస్తారా లేదా. లెక్కేస్తే 13 కాస్తా 19 అవుతుంది. అప్పుడు బ్యాలెన్స్ చాలకపోతే జీతం కోత పడే రోజులెన్నో ముందే తెలుసుకుని పెళ్ళి ఖర్చులో కలుపుకోండి. క్యాజువల్ లీవ్‌ను దీనికి అతికించే ప్రయత్నం చేయవద్దు, చాలా కంపెనీలు ఒప్పుకోవు.

ఫోన్ వేళ ఎందుకు రాయమన్నానంటే, హద్దు చెప్పకపోతే రోజంతా మోగుతుంది. 20 నుంచి 24 వరకు కుదరదని తేల్చి రాయడానికి వెనకాడవద్దు. ఆ అయిదు రోజుల్లో మీరు ఫోన్ ఎత్తినా లెక్కలు చూసే స్థితిలో ఉండరు. సగం మనసుతో చెప్పిన అంకె వల్లే తప్పులు జరుగుతాయి.

మేనేజర్ ఇంకా ఒప్పుకోకపోతే దానికి కారణం జీఎస్టీ కాకపోవచ్చు, ఆడిట్ కావచ్చు. ట్యాక్స్ ఆడిట్ రిపోర్టు సెప్టెంబరు 30కి ఇవ్వాలి, కంపెనీ వార్షిక సమావేశం కూడా ఆ తేదీలోపే జరగాలి. అందుకే ఆగస్టులో ఆడిటర్ మనుషులు వచ్చి కూర్చుంటారు. ఆయన నోరు విప్పి చెప్పకపోవచ్చు, మీరే అడగండి: "ఆడిటర్లు ఏ వారం వస్తున్నారు?" మీ సెలవులో పడితే, వాళ్ళు అడిగే షీట్లు మీకు తెలిసినవే. పుస్తకాలకీ జీఎస్టీ రిటర్న్‌లకీ మధ్య తేడాల పట్టిక, టీడీఎస్ లెక్క, వెండర్ల బకాయిల జాబితా ఆగస్టు 7లోపు ఆడిటర్‌కి మెయిల్ చేసి మేనేజర్‌కి కాపీ పెట్టండి. సందేహాలుంటే సెప్టెంబరు 2 తర్వాత ఒక వారం ఆఫీసులో వాళ్ళతోనే కూర్చుంటానని చెప్పండి.

అప్పటికీ "మరీ ఎక్కువ రోజులు" అంటే, ఎన్ని రోజులిస్తారని అడగకండి. ఏ తేదీలు ఇబ్బందో అడగండి. మీ మనసులో ఒక కనీసం ఉండాలి: ఆగస్టు 17 నుంచి 28 వరకు, 10 పనిదినాలు. దానికి ముందూ వెనకా ఉన్న శని, ఆదివారాల్లో ప్రయాణం పెట్టుకోవాలి. పెళ్ళికి ముందు పనుల్లో ఒక రోజు తగ్గుతుంది, ముందుకు జరిపిన పండుగలో మీరుండరు. అంతకంటే తగ్గవద్దని నా అభిప్రాయం. నాన్నగారు నడవలేని ఇంట్లో పెళ్ళికి నాలుగు రోజుల ముందు చేరితే ఏమీ అందదు.

ఆయన "ఓకే" అన్నాక హెచ్‌ఆర్ పోర్టల్‌లో అప్రూవ్డ్ అని కనిపించే దాకా అది మంజూరు కానట్టే. నోటిమాట తర్వాత మేనేజర్ మారినా, మర్చిపోయినా మీ చేతిలో ఏమీ ఉండదు. శుభలేఖ అచ్చయ్యాక ఒకటి ఆయనకు, ఒకటి ఆ అమ్మాయికి చేతికిచ్చి పిలవండి. దరఖాస్తుకి మాత్రం జతచేయకండి, అక్కడ అది సాక్ష్యంలా ఉంటుంది.

సెప్టెంబరు 2 ఉదయం చేరగానే మెయిళ్ళు తెరవకముందు ఆ అమ్మాయితో ఒక గంట కూర్చోండి. ఫైలైన 3బిని పుస్తకాలతో, క్రెడిట్ లెడ్జర్‌తో సరిచూడండి. పసుపు రంగు వేసిన బిల్లుల వెండర్లకు ఫోన్ చేసి 11లోపు ఎక్కించమనండి, అప్పుడు ఈ 14న వచ్చే 2బిలోకి వస్తాయి. ఏదైనా క్రెడిట్ పొరపాటున తీసుకుని ఉంటే ఆగస్టు 3బిలో వెనక్కి వేయండి. బ్యాంకులో ఆమెకిచ్చిన తాత్కాలిక హక్కు కొనసాగించాలా, తీసేయాలా అన్నది మేనేజర్‌ని అడగండి. చవితి సెలవులకి ఆమె వెళ్ళేముందు మీకు ఏమేం అప్పగించాలో ఆ రోజే రాసుకోండి. ఆగస్టు టీడీఎస్ గడువు 7వ తేదీ సోమవారం, చలానా 4వ తేదీ శుక్రవారమే కట్టేయండి.